పాట ఆపుతున్నది ఎవరు: ఒక అకౌంట్, మూడు ఊళ్లు

విజయనగరం గంటస్తంభం దగ్గర బట్టల షాపు. ఇల్లు దాసన్నపేటలో. కూతురు విశాఖలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది. షాపాయన తమ్ముడి కుటుంబం శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో ఉంటుంది. ఈ నాలుగు చోట్లా పాటలు నడుస్తున్నది ఒకే స్పాటిఫై అకౌంట్ మీద అని తేలడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో మొదటి నాలుగు రోజులు ప్లాన్ మార్చి చూడడంలోనే పోయాయి. అసలు తప్పు ప్లాన్‌లో లేదు.

ఫిర్యాదు ఆయన మాటల్లో: "ఏటండీ ఇది, డబ్బులు కట్టేది నేను, పాట ఆగిపోయేదీ నాకే! ఎవడో నా అకౌంట్లో దూరిపోయాడండి." పాట నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. మీ అకౌంట్ మరో చోట వాడుకలో ఉందని తెర మీద ఒక ఇంగ్లీషు వాక్యం వస్తుంది. ఒక్కోసారి ఆ వాక్యం కూడా రాదు. పాట పేరు కింద ఏదో తెలియని డివైస్ పేరు ఆకుపచ్చగా కనబడుతుంది.

ఆయనకు మూడు అనుమానాలు ఉన్నాయి. ఎవరో పాస్‌వర్డ్ కొట్టేశారని ఒకటి, నెట్ బాగోలేదని రెండోది, షాపులో పెట్టిన బ్లూటూత్ స్పీకర్నే యాప్ 'మరో డివైస్'గా లెక్కేస్తోందని మూడోది. మూడూ కావు. అయితే మూడో అనుమానం తప్పని తెలుసుకునే క్రమంలోనే అసలు కిటుకు బయటపడింది కాబట్టి అది తర్వాత వివరంగా.

ఆ వాక్యం అసలు ఏం చెబుతోంది

లాగిన్ అయి ఉండడం వేరు, పాట నడపడం వేరు. ఒకే అకౌంట్‌తో ఫోన్లో, ట్యాబ్‌లో, లాప్‌టాప్‌లో, టీవీలో లాగిన్ అయి ఉండవచ్చు, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. లెక్క పెట్టేది ఈ క్షణాన ఎన్ని చోట్ల పాట నడుస్తోందన్నదే. ఒక వ్యక్తికి ఇచ్చే ప్లాన్‌లో ఆ సంఖ్య ఒకటి. స్పాటిఫైలోనే కాదు, ఆపిల్ మ్యూజిక్ వ్యక్తిగత ప్లాన్‌లోనూ, అమెజాన్ మ్యూజిక్ వ్యక్తిగత ప్లాన్‌లోనూ లెక్క ఇదే. పాటల కంపెనీలు ఈ సేవలకు హక్కులు ఇచ్చేది చందాదారుల లెక్కన. ఒక చందాకు ఒక జత చెవులు అన్నమాట.

ఇక్కడ సినిమాలు చూపించే సేవలకూ పాటల సేవలకూ ఒక తేడా ఉంది. ఈ కేసులో జరిగిన గందరగోళంలో సగం ఆ తేడా తెలియకపోవడం వల్లే వచ్చింది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేస్తే సీటు మనది, తర్వాత వచ్చినవాడు నిలబడాలి. సినిమా సేవలు ఇలాగే ఉంటాయి. ప్లాన్‌లో రాసినన్ని తెరలు నిండితే తర్వాత వచ్చినవాడికి 'కుదరదు' అని చెబుతాయి, ముందున్నవాడు హాయిగా చూసుకుంటాడు. పాటల సేవలో తువ్వాలు చెల్లదు. చివరగా ప్లే నొక్కినవాడిదే సీటు, ముందు కూర్చున్నవాడిని లేపేస్తారు. అందుకే ఆ సందేశం కనబడేది కొత్తగా వచ్చినవాడికి కాదు, పాట పోగొట్టుకున్నవాడికి. హాస్టల్లో అమ్మాయి ప్లే నొక్కితే ఆమెకు ఏ తేడా కనబడదు. ఆగేది గంటస్తంభం దగ్గర ట్యాబ్. షాపులో కుర్రాడు మళ్లీ ప్లే నొక్కితే ఈసారి ఆగేది హాస్టల్లో. ఇద్దరికీ ఎదుటివాడెవరో తెలియదు, ఇద్దరూ నెట్‌ను తిట్టుకుంటారు.

అమెజాన్ వాళ్ల ఎకో స్పీకర్ ఈ విషయంలో కాస్త మర్యాదస్తురాలు. పాట మరో చోట నడుస్తోంది, ఇక్కడికి మార్చమంటారా అని నోటితో అడుగుతుంది. 'ఊఁ' అన్నామంటే అక్కడిది ఆగిపోతుంది.

కాబట్టి ఆ వాక్యానికి సరైన తెలుగు ఇది: 'మీ అకౌంట్‌తోనే ఇంకో చోట ఇప్పుడే ఎవరో ప్లే నొక్కారు.' దొంగతనం జరిగిందని గానీ, నెట్ పోయిందని గానీ, డబ్బు కట్టలేదని గానీ అందులో లేదు. ఆ 'ఎవరో' మన ఇంటివాళ్లా, బయటివాళ్లా అన్నది మనమే తేల్చుకోవాలి.

ప్లాన్ మార్చినా ఎందుకు తగ్గలేదు

మొదటి సందేశం వచ్చినప్పుడే ఎవరో సలహా ఇస్తే ఆయన ఎక్కువమంది సభ్యులుండే ప్లాన్‌కు మారారు. డబ్బులు కట్టిన మర్నాడు పొద్దున్నే పాట మళ్లీ ఆగింది. ఈ పొరపాటు ఎంత మామూలుదంటే, ఇలాంటి ఫిర్యాదు వస్తే ముందు దీన్నే చూసుకోవాలి.

స్పాటిఫైలో సభ్యుల ప్లాన్ అంటే ఒక లాగిన్‌కు ఎక్కువ పాటలు అని కాదు. ఎక్కువ లాగిన్లు, ఒక్కో లాగిన్‌కు ఒక్కో పాట. ఇంటికి నాలుగు గ్యాస్ పొయ్యిలు కొని నాలుగు గిన్నెలూ ఒక్క బర్నర్ మీదే పెడితే ఏమవుతుంది? ఇక్కడ అదే అయింది. ప్లాన్ మారింది గానీ షాపు ట్యాబ్, ఆయన ఫోన్, ఇంట్లో ఆవిడ ఫోన్, కూతురి ఫోన్ నాలుగింట్లోనూ ఆయన మెయిల్, ఆయన పాస్‌వర్డే ఉన్నాయి. సభ్యులను పిలిచే లింకు తయారై ఉంది, ఎవరికీ పంపలేదు. ప్లాన్ పేజీలో మిగతా సీట్లన్నీ ఖాళీగా కనిపిస్తున్నాయి. ఆ పేజీ ఒక్కసారి తెరిచి చూస్తే చాలు, ఇది తెలిసిపోతుంది.

దీన్ని సరిచేసే ముందు మూడు రోజులు ఏమీ ముట్టుకోకుండా రాసిపెట్టమని ఫిర్యాదు చూస్తున్నవాళ్లు ఆయనకు చెప్పారు. షాపు బిల్లు పుస్తకం వెనక పేజీలో మూడు గళ్లు గీశారు: పాట ఆగిన టైము, ఆగిన ఫోను, ఆ క్షణాన పాట పేరు కింద కనబడిన డివైస్ పేరు. మూడో గడి ముఖ్యం. జనం ఆగిన టైము చెబుతారు గానీ ఆ పేరు చదవరు. శుక్ర, శని, ఆదివారాల్లో మొత్తం పద్నాలుగు సార్లు ఆగింది. తొమ్మిది షాపు ట్యాబ్‌కీ కూతురి ఫోన్‌కీ మధ్య జరిగాయి. అన్నీ షాపు తెరిచాక, ఎక్కువ భాగం మధ్యాహ్నం భోజనాల వేళ. రెండు ఇంట్లో ఆవిడ ఫోన్ వల్ల. మిగిలిన మూడూ రోజుకొకటి చొప్పున, పొద్దున్న ఆరుంపావుకు, ఆయన అయ్యకోనేరు గట్టు మీద నడుస్తున్నప్పుడు. ఆ వేళకు షాపు మూసి ఉంటుంది, కూతురు నిద్రలో ఉంటుంది, ఆవిడ ఫోన్ ఛార్జింగ్‌లో ఉంటుంది.

ముందు పదకొండింటి సంగతి. ఇది సులువైన పని, కానీ చేసే వరుస తప్పితే ఏడుపు మిగులుతుంది. పాత అకౌంట్ ఎవరికి ఉంచాలన్నది మొదటి ప్రశ్న. డబ్బు కట్టేవాళ్లకి అనేస్తారు చాలామంది. ప్లాన్ యజమాని ఆయనే కాబట్టి ఇక్కడ ఉంచింది కూడా ఆయనకే. కానీ ఆ అకౌంట్‌లో నాలుగేళ్లుగా పోగైన ప్లేలిస్టుల్లో ఎక్కువ కూతురివి. కొత్త లాగిన్ ఖాళీ పలక, దాంట్లోకి ఏదీ దానంతట అది రాదు. అందుకని లాగిన్ మార్చకముందే పాత అకౌంట్‌లో ఆమె ప్లేలిస్టుల లింకులు వాట్సాప్‌లో ఆమెకే పంపించారు. కొత్త అకౌంట్‌లో వాటిని తెరిచి, పాటలను తన పేరు మీద కొత్త ప్లేలిస్టుల్లోకి చేర్చుకుంది. లింకును ఊరికే సేవ్ చేసుకుంటే సరిపోదు. నాన్న తన అకౌంట్‌లో ఆ ప్లేలిస్టులోంచి పాటలు తీసేస్తే ఆమెకూ పోతాయి. Liked Songs లో దాచుకున్న పాటల జాబితాకు పంపే లింకు ఉండదు. కంప్యూటర్ యాప్‌లో ఆ జాబితా తెరిచి, Ctrl+A నొక్కి అన్నీ ఎంచుకుని, Ctrl+C తో కాపీ చేసి, ఒక కొత్త ప్లేలిస్టులో Ctrl+V నొక్కితే అన్నీ అందులోకి వస్తాయి. అప్పుడు ఆ కొత్త ప్లేలిస్టు లింకు పంపుకోవచ్చు.

రెండో ప్రశ్న అడ్రసు. ఫ్యామిలీ, డ్యూయో లాంటి ప్లాన్లలో సభ్యులందరూ ఒకే ఇంటి అడ్రసులో ఉండాలన్నది నిబంధన. విశాఖ హాస్టల్ దాసన్నపేట అడ్రసు కాదు. 'మన పిల్లే కదా' అన్నది మన లెక్క, వాళ్ల లెక్క కాదు. చేర్చుకుని నడిపేవాళ్లు చాలామందే ఉంటారు గానీ, అడ్రసు నిర్ధారించమని అడిగిన రోజున ఆమె సీటు పోతుంది. ఆమెకు విద్యార్థి ప్లాన్ వేరుగా తీయించారు. కాలేజీలో చదువుతున్నట్టు రుజువు ఇవ్వాలి, ధర తక్కువ, అకౌంట్ పూర్తిగా ఆమెదే. ఇంట్లో ఆవిడకు సభ్యురాలిగా సీటు ఇచ్చి, ఫోన్లో పాత లాగిన్ తీయించి కొత్తది పెట్టారు. అసలు ప్లాన్ మార్చేముందే పేజీలో ఎంతమంది సభ్యులని రాసుందో చదువుకుని, ఇంట్లో ఒకే సమయంలో వినేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ఎక్కువ కట్టే పని ఉండదు.

షాపు ట్యాబ్ గురించి ఒక మాట. ఈ సేవలన్నీ సొంతంగా వినడానికే అని నిబంధనల్లో రాసి ఉంటుంది. కొనుగోలుదారుల కోసం షాపులో వేయడం ఆ ఒప్పందంలోకి రాదు. ఎన్ని సీట్లున్న ప్లాన్ కట్టినా రాదు. షాపుల్లో, హోటళ్లలో పాటలు వేయడానికి కావలసిన అనుమతులు పీపీఎల్, ఐపీఆర్ఎస్ లాంటి సంస్థల దగ్గర తీసుకోవాలి. ఆ సంగతి ఆయనకు చెప్పారు. ట్యాబ్‌లో స్పాటిఫై తీసేసి ఎఫ్ఎం రేడియో పెడతామన్నారు. రేడియో పెట్టినా అనుమతి లెక్క పూర్తిగా పోదు, అదీ చెప్పారు. తర్వాత ట్యాబ్‌ను ఆయన కౌంటర్ వెనక్కి, తను వినడానికి మార్చుకున్నారు. ఫోన్, ట్యాబ్ రెండూ ఆయనవే, ఒకేసారి రెండూ వినరు కాబట్టి ఒకే లాగిన్‌తో గొడవ లేదు.

ఇంత చేశాక పదకొండూ పోయాయి. పొద్దున్నది మాత్రం మర్నాడు ఆరుంపావుకు ఠంచనుగా వచ్చింది.

బ్లూటూత్ కాదు, వైఫై

ఇక్కడికొచ్చేసరికి ఆయన బ్లూటూత్ స్పీకర్ అనుమానం మళ్లీ పైకి తీశారు. బ్లూటూత్ స్పీకర్‌కు అకౌంట్ ఉండదు, నెట్ ఉండదు. ఫోన్ నెట్‌లోంచి పాట తెచ్చుకుని, ఆ శబ్దాన్ని గాలిలో స్పీకర్‌కు అందిస్తుంది. పొడుగు తీగ లేని ఇయర్‌ఫోన్ లాంటిది. సేవ లెక్కలో నడుస్తున్నది ఫోన్ ఒక్కటే.

వైఫై స్పీకర్లు, స్మార్ట్ టీవీలు వేరే జాతి. ఫోన్లో డివైస్‌ల గుర్తు నొక్కి టీవీని ఎంచుకున్నప్పుడు పాట ఫోన్లోంచి టీవీకి పోదు. ఆ అకౌంట్‌తో పాట వేసుకునే అనుమతి టీవీకి పోతుంది. అక్కణ్నుంచి టీవీయే సొంతంగా ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చుకుంటుంది, ఫోన్ రిమోట్‌గా మిగులుతుంది. ఫోన్ ఆపేసినా పాట నడుస్తూనే ఉంటుంది. స్పాటిఫైలో దీన్ని 'కనెక్ట్' అంటారు. మన దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోవడానికి పరికరాలేం అక్కర్లేదు. పాట పెట్టి ఫోన్ జేబులో వేసుకుని వీధి చివరికి నడవండి. పాట తెగుతూ తెగుతూ ఆగిపోతే బ్లూటూత్. ఇంట్లోవాళ్లు 'నడుస్తూనే ఉంది' అంటే వైఫై, అంటే అది లెక్కలోకి వచ్చే డివైస్.

ఈ కేసులో చిక్కు ముడి ఇదే: ఒకసారి అలా లాగిన్ అయిన టీవీ, మన ఫోన్ ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేసినా ఆ లాగిన్‌ను మరిచిపోదు. ఆ ఇంట్లో ఎవరైనా రిమోట్‌తో యాప్ తెరిచి పాట వేస్తే అది మన అకౌంట్ మీదే నడుస్తుంది. వేసినవాళ్లకు ఆ సంగతి తెలియాల్సిన పని కూడా లేదు. వాళ్లకది 'టీవీలో పాటలొచ్చే యాప్', అంతే.

పుస్తకంలో మూడో గడి ఇప్పుడు పనికొచ్చింది. మూడు పొద్దుళ్లూ ఒకే పేరు రాసుంది, అక్షరాలూ అంకెలూ కలిసిన మోడల్ పేరు, అందులో 43. ఆయన అది తన ఇంట్లో టీవీయే అనుకుని పట్టించుకోలేదు. ఇంట్లోది ముప్ఫై రెండు అంగుళాలది. టీవీ మోడల్ పేర్లలో అంకె తరచూ అంగుళాలే. అంటే తన అకౌంట్‌తో లాగిన్ అయిన నలభై మూడు అంగుళాల టీవీ ఒకటి ఎక్కడో ఉంది.

రెండో ఆధారం విన్న పాటల చరిత్ర. యాప్‌లో ఈమధ్య విన్నవి చూపించే పేజీ ఉంటుంది. ఏ డివైస్‌లో విన్నారన్నది అక్కడ ఉండదు గానీ ఏం విన్నారన్నది ఉంటుంది. హ్యాకింగ్ అవునో కాదో తేల్చడానికి ఇంతకంటే మంచి పరీక్ష లేదు. పాస్‌వర్డ్ దొంగలు వాడుతుంటే మన ఊహకు కూడా అందని భాషల పాటలు, ఎప్పుడూ వినని పేర్లు, అర్ధరాత్రి వేళ కుప్పలుగా కనబడతాయి. మనం చేయని ప్లేలిస్టులు పుట్టుకొస్తాయి. ఇక్కడ కనబడినవి పొద్దుటి భక్తి పాటలు. అదీ రోజూ అరగంట. ఆదివారం మాత్రం దాదాపు రెండు గంటలు, అన్నీ సూర్యుడి మీదే. ఉత్తరాంధ్రలో ఆదివారం పొద్దున్న ఆదిత్యుడి స్తోత్రాలు అంత శ్రద్ధగా వినే ఇల్లు ఏ వైపు ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. పేజీ చూడగానే ఆయనే అన్నారు: "ఓర్నీ, మా తమ్ముడిల్లండి!"

సంక్రాంతికి అక్కడికి వెళ్లినప్పుడు కొత్త టీవీలో పాట పెట్టమని పిల్లలు అడిగితే ఈయన తన ఫోన్‌తో లాగిన్ చేసి ఇచ్చారు. టీవీ తెర మీద ఒక కోడ్ చూపిస్తుంది, ఫోన్లో spotify.com/pair తెరిచి ఆ కోడ్ కొడితే టీవీ లాగిన్ అవుతుంది. అర నిమిషం పని. పండగ అయిపోయింది, లాగిన్ మిగిలిపోయింది.

శ్రీకాకుళానికి ఫోన్ చేస్తే అటువైపు కథ ఇంకా రసవత్తరంగా ఉంది. మరదలు పొద్దున్న పాటలు పెట్టి వంటింట్లోకి వెళ్తుంది. పావుగంటకు భక్తి పాట మధ్యలో తెగి ఏదో పాత సినిమా పాట మొదలవుతుంది. "బావగారూ, టీవీకి గాలేదో సోకిందనుకున్నామండి, కొబ్బరికాయ కూడా కొట్టాం" అందావిడ. గాలి కాదు, అయ్యకోనేరు గట్టు మీద బావగారు. ఆయన ఫోన్ తెరిచేసరికి కింద టీవీ పేరు ఆకుపచ్చగా ఉంటుంది. అంటే ఆ క్షణాన ఆయన చేతిలోది రిమోట్. తన పాట నొక్కితే అది తన చెవుల్లో కాకుండా అరవై కిలోమీటర్ల పైబడి దూరంలో ఉన్న టీవీలో మోగింది. శబ్దం రాలేదని ఆయన పదేపదే నొక్కేవారు, నొక్కినప్పుడల్లా అక్కడ పాట మారేది. సందేశం రాకుండా పాట 'ఆగిపోయిన' రోజుల రహస్యం ఇదే. ఆ పేరు మీద నొక్కి, జాబితాలో తన ఫోన్‌ను ఎంచుకుంటే పాట తన చెవికి వచ్చేది, టీవీ ఆగేది.

అన్ని చోట్లా లాగౌట్ కొట్టినా టీవీ ఎందుకు మిగిలింది

తమ్ముడి ఇల్లే అని తేలకముందు, హ్యాకింగ్ భయంతో ఆయన పాస్‌వర్డ్ మార్చి, spotify.com/account లో Sign out everywhere కూడా నొక్కేశారు. ఫోన్, ట్యాబ్ రెండూ బయటికి వచ్చేశాయి, మళ్లీ లాగిన్ చేసుకోవాల్సి వచ్చింది. మర్నాడు ఆరుంపావుకు టీవీ మాత్రం మామూలుగానే పాడింది. దాంతో హ్యాకరే అన్న నమ్మకం ఆయనకు మరీ గట్టిపడింది.

కారణం ఆ బటన్ పేరులో కనబడదు. Sign out everywhere అన్నది ఫోన్లు, కంప్యూటర్లు, బ్రౌజర్లకు పనిచేస్తుంది. టీవీలు, స్పీకర్లు, గేమ్ కన్సోల్స్ వంటి భాగస్వామి కంపెనీల డివైస్‌లు దాని కిందికి రావు. వాటికిచ్చిన అనుమతి వేరే చోట ఉంటుంది. అదే అకౌంట్ పేజీలో Manage apps అనే చోటికి వెళ్తే, మన అకౌంట్‌ను వాడుకోవడానికి మనం ఎప్పుడో ఒప్పుకున్న యాప్‌లూ డివైస్‌లూ వరుసగా కనబడతాయి. అక్కడ దేని పక్కన Remove access నొక్కితే దానికి అనుమతి పోతుంది. టీవీ పేరు అక్కడ మోడల్ నంబరుతో కాక తయారీ కంపెనీ పేరుతో ఉండవచ్చు. అందుకే మన ఇంట్లో ఆ కంపెనీవి ఏమేం ఉన్నాయో ముందు చూసుకోవాలి, లేకపోతే మన టీవీ కూడా పోతుంది. పోయినా మళ్లీ లాగిన్ చేసుకుంటే వచ్చేస్తుంది, భయం లేదు.

మనిషి అందుబాటులో ఉంటే దూరం నుంచి ఇంత చేయాల్సిన పని కూడా లేదు. టీవీ రిమోట్‌తో యాప్‌లోనే లాగౌట్ చేయడం తేలిక. ఇక్కడ రెండూ చేశారు. ఫోన్లో వీడియో కాల్ పెట్టి, మరదలి చేత యాప్ సెట్టింగ్స్ తెరిపించి లాగౌట్ నొక్కించారు. ఆ తర్వాత విజయనగరంలో Remove access. టీవీ మళ్లీ కోడ్ చూపించింది. ఈసారి ఆ కోడ్ తమ్ముడి ఫోన్లో, తమ్ముడు అప్పటికప్పుడు తెరిచిన ఉచిత అకౌంట్‌తో కొట్టారు. మధ్యమధ్య ప్రకటనలు వస్తాయి. స్తోత్రానికీ స్తోత్రానికీ మధ్య సబ్బు ప్రకటన వస్తే మరదలికి నచ్చలేదు, తర్వాత డబ్బు కట్టుకున్నారట. అది వాళ్ల లెక్క.

నిజంగా బయటివాళ్లే వాడుతున్నట్టు చరిత్రలో తేలితే ఈ మూడూ చేయాలి, ఏ ఒక్కటీ సరిపోదు: కొత్త పాస్‌వర్డ్, Sign out everywhere, ఆపైన Manage apps లో తెలియనివన్నీ తీసేయడం. పాస్‌వర్డ్ మరెక్కడా వాడనిదై ఉండాలి. అకౌంట్‌కు పెట్టిన మెయిల్ పాస్‌వర్డ్ కూడా మార్చాలి. మెయిల్ వాళ్ల చేతిలో ఉంటే మన కొత్త పాస్‌వర్డ్‌ను నిమిషంలో మార్చేసుకుంటారు.

రైల్లో ఇద్దరికీ ఎందుకు నడిచింది

కూతురు ఒక ప్రశ్న అడిగింది. పాత రోజుల్లో, నాన్న లాగిన్‌తోనే ఉన్నప్పుడు, శనివారం సాయంత్రం విశాఖ నుంచి రైల్లో వచ్చేటప్పుడు షాపులోనూ తన ఫోన్లోనూ ఒకేసారి పాటలు నడిచేవి, ఏ సందేశమూ రాలేదు. కొత్తవలస దాటాక సిగ్నల్ మళ్లీ అందుకోగానే గొడవ మొదలయ్యేది. డౌన్‌లోడ్ చేసిన పాటలైతే లెక్కలోకి రావేమో అనుకుంది.

సగమే నిజం. డౌన్‌లోడ్ చేసిన పాటే అయినా, ఫోన్‌కు నెట్ ఉన్నంతసేపూ 'నేనిక్కడ పాట నడుపుతున్నాను' అని యాప్ సర్వర్‌కు చెబుతూనే ఉంటుంది. పాట ఫోన్లోనే ఉన్నా సీటు లెక్క సర్వర్‌లో ఉంటుంది. కబురు అందని చోట, అంటే సిగ్నల్ లేనప్పుడో యాప్‌లో ఆఫ్‌లైన్ మోడ్ పెట్టినప్పుడో, ఆ ఫోన్ నడుపుతున్నట్టు సర్వర్‌కు తెలియదు. తెలిసిన క్షణాన చివరగా వచ్చినవాడి సూత్రం మళ్లీ పనిచేస్తుంది. డౌన్‌లోడ్ సదుపాయం ఉన్న ప్రీమియం ప్లాన్లలో ఒక్కో డివైస్‌కు 10,000 పాటల దాకా, అయిదు డివైస్‌లలో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 30 రోజులకు ఒక్కసారైనా ఆ ఫోన్ నెట్‌లోకి రాకపోతే అవి మూగబోతాయి. ప్రయాణంలో సిగ్నల్ పోతుందని డౌన్‌లోడ్ చేసుకోవడం వేరు. ఇద్దరు మనుషులు ఒక లాగిన్ పంచుకోవడానికి దాన్ని మార్గంగా చేసుకుంటే ఎవరో ఒకరు ఆఫ్‌లైన్ మోడ్ పెట్టడం మరిచిపోయిన రోజున పాత గొడవే.

టీవీ లాగౌట్ చేశాక వరుసగా నాలుగు పొద్దుళ్లు బిల్లు పుస్తకంలో ఆరుంపావు గడి ఖాళీగా ఉంది. అయిదో రోజు షాపు ట్యాబ్‌లో మళ్లీ పాట ఆగిందని ఫోన్ వచ్చింది. అడగాల్సినవి రెండే ప్రశ్నలు. సందేశం వచ్చిందా? రాలేదు. కింద వేరే డివైస్ పేరు ఉందా? లేదు, ట్యాబ్ పేరే ఉంది. అలాగైతే దీనికీ లెక్కకూ సంబంధం లేదు. ట్యాబ్ తెర ఆరిపోయిన కొద్దిసేపటికే పాట ఆగుతోంది. బ్యాటరీ మిగల్చడానికి ఆండ్రాయిడ్ వెనకాల నడిచే యాప్‌ను మూసేస్తోంది. ట్యాబ్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలోంచి స్పాటిఫై తెరిచి, బ్యాటరీ దగ్గర Unrestricted ఎంచుకోమని చెప్పారు.